తప్పిపోయిన ఇరవై ఏడు పశువులు

భీమేశ్వరరావుకు దేవుడి మీద నమ్మకం తక్కువ, అడ్డం మొత్తం మీద ఎక్కువ. ఊళ్లో ఉన్నన్నాళ్లూ గేదె దగ్గరికి పోలేదు. ఢిల్లీలో పశుగణన ఆఫీసులో చేరాక దేశంలోని గేదెలన్నీ ఆయన చేతిమీదుగానే నడిచాయి.

పట్టికలో ఒక్కో అడ్డం వరుస ఒక్కో జిల్లా, ఒక్కో నిలువు ఒక్కో జంతువు. వరుసలు ఆయన నోటితో కూడేవాడు. నిలువులు కావేరి కాలిక్యులేటర్‌తో కూడేది. వరుసల మొత్తాలన్నీ కలిపినా, నిలువుల మొత్తాలన్నీ కలిపినా ఒకే సంఖ్య రావాలి. కుడివైపు కింది మూల ఆ సంఖ్య పడ్డాకే ఆయనకు టీ దిగేది.

కావేరి కరీంనగర్ అమ్మాయి, కొత్తగా చేరింది. ఆమె ఉద్యోగం ఖాయం చేసే నివేదిక ఆయన సొరుగులో ఉంది. 'పనిలో కచ్చితత్వం' దగ్గర గడి ఖాళీ.

తొంభై నాలుగు జూన్‌లో ఒక మధ్యాహ్నం, వరుసల మొత్తం నిలువుల కంటే ఇరవై ఏడు ఎక్కువొచ్చింది.

"నీ కాలిక్యులేటర్ ఎండకి కరిగిందేమో చూడమ్మా. పాతికేళ్లలో నా అడ్డం తప్పలేదు."

"రెండుసార్లు కూడిన సార్. అదే వస్తుంది."

"ఒకే తప్పు రెండుసార్లు చేస్తే అదే వస్తుంది మరి."

పట్టికను అచ్చుకు తీసుకుపోవడానికి ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. సెక్షన్ ఆఫీసర్ చౌధరి చిరాకుపడ్డాడు. "గధే హీ తో హైఁ, రావ్ సాబ్! కిసీ జిలే మేఁ సత్తాయిస్ బఢా దో."

రావు మనసులో ఇరవై ఏడు గాడిదల్ని ఒక జిల్లాలోకి తోలి చూశాడు. నిలువు పెరిగింది, మూల కుదిరింది; ఆ జిల్లా వరుస చెడింది. వరుస మొత్తం కూడా పెంచాడు. పాత తేడా మళ్లీ వచ్చి కూర్చుంది.

"గాడిద అడ్డంగా, నిలువుగా రెండు దారులా నడుస్తుంది సాబ్," అన్నాడు హిందీలో. చౌధరి పాన్ కోసం బయటికి పోయాడు.

రావు సొరుగు లాగి నివేదిక తీశాడు. కలం మూత విప్పాడు. కావేరి చూసింది.

"సార్, ఇరవై ఏడు తొమ్మిదితోని పోతది కదా?"

కలం ఆగింది. తేడా తొమ్మిదితో పోతే ముందు తారుమారైన అంకెల్ని అనుమానించాలి. మొదటి రోజు ఆయన నేర్పిన సూత్రమే, నోట్లో సమోసాతో.

"నావన్నీ చూసిన సార్. మీవి..."

"నా వాటినా?"

అని, తనే వంగాడు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు కనక, మొత్తంలో చివరి రెండంకెల మధ్య మూడు తేడా ఉన్న వరుసల్ని ఏరి ఒక్కొక్కటే మళ్లీ కూడాడు. మూడో దాంట్లో దొరికింది. ఆ వరుస మొత్తం చిత్తులో 8,04,136. పట్టికలోకి ఎత్తి రాసేటప్పుడు 8,04,163. రాత ఆయనదే.

చుట్టూ చూశాడు. కూలర్ కూడా ఇటే తిరిగి ఉంది.

దిద్దాడు. మూల కుదిరింది. ప్రెస్సు మనిషి పట్టిక పట్టుకుపోయాడు.

"పాతికేళ్లలో తప్పలేదన్నరు," అంది కావేరి. "ఇయ్యాల్టి నుంచి మళ్ల ఒకటో ఏడు సార్."

ఆయన నివేదిక ముందుకు లాక్కుని ఖాళీ గడిలో రాశాడు: 'ఉంది. అవసరానికి మించి.'

రెండు టీలు చెప్పాడు.