నర్సింహ చేతికి దొరకని అరుగుదల

సునీల్‌కుమార్ కారు మూడోసారి గేటులోకి తిరగడం చూసి నర్సింహ పక్కనున్న పాత టైరును ఒక్క తన్ను తన్నాడు. టైరుకేం కాలేదు, కాలే నొచ్చింది.

పటాన్‌చెరులో ముంబై రోడ్డు మీదున్న ఆ టైర్ల షాపులో ఇరవై రెండేళ్లుగా పిట్‌లో, అంటే కారు నిలబెట్టే గుంటలో, చక్రాల అలైన్‌మెంట్ చేసేది అతనే. కంప్యూటర్ వచ్చినా టైరు మీద అరచేయి జరపనిదే అతనికి తృప్తి ఉండదు. అక్కడక్కడా గుంటలు పడితే షాకబ్జార్బర్ పోయిందంటాడు. నడుమ అరిగితే గాలి ఎక్కువైందంటాడు. ఎదురు చెప్పినవాడి మొహం కూడా చూడడు. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సునీల్‌ది కిష్టారెడ్డిపేట. మందుల కంపెనీ మనుషులను రోజూ ఎక్కించుకుని తిప్పుతాడు. ఇంతకు ముందు రెండుసార్లూ అతని కారు ముందు టైర్ల బయటి అంచులు అరిగే వచ్చాయి. చక్రాల మూతులు, అంటే ముందు కొసలు, లోపలికి తిరిగి నడిస్తే బయటి అంచు అట్లాగే అరుగుతుంది. స్క్రీన్ మీద కొలతలన్నీ సరేనన్నట్టు పచ్చగా ఉన్నా నర్సింహ తన చేతినే నమ్మాడు. మూతులను పచ్చగీత చివరిదాకా బయటికి తిప్పి పంపించాడు. రెండోసారీ అంతే. అయినా అరుగుదల తగ్గలేదు సరికదా, ఎక్కువైంది.

షాపు చూసుకునే చంద్రిక, యజమాని కూతురు, గల్లాపెట్టె దగ్గర నుంచే అంది.

"కాకా, ఈ బండి మళ్లొస్తే పిట్ కళ్యాణ్‌కు ఇస్తనని చెప్పిన. యాదుందా?"

"ఉందమ్మా."

ఉండకేం! కొత్త కుర్రాడు కళ్యాణ్ పనిలో చేరి ఆర్నెల్లయింది. కంప్యూటర్ నుంచి కళ్లు తీయడు. అతని చేతికి పిట్ పోవడమంటే నర్సింహకు ప్రాణం పోయినట్టే.

ఈసారీ బయటి అంచులే నున్నగా అయిపోయాయి. బయటి నుంచి లోపలికి చేయి జరిపితే మెత్తగా ఉంది, వెనక్కి లాగితే రంపం పళ్లలా గీరుకుంది. మూతులు లోపలికి తిరిగిన బండి గుర్తే అది. తనే కదా బయటికి తిప్పింది! మరి లోపలికెట్లా పోయింది? నర్సింహకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"గిదేం బండిరా నాయనా!" అని విసుక్కుంటూ చక్రం విప్పాడు. టైరు లోపలి పక్కను తుడిస్తే చుట్టూ గీతలు కనబడ్డాయి. ఫుట్‌పాత్ అంచుకు రాసుకున్న గీతలు. కారు కిందకు ఉండే పక్కకు ఫుట్‌పాత్ ఎట్లా తగులుతుంది?

"సునీల్, టైర్లు తిప్పేయించినవా?"

"అవునన్నా. లోపలంచు అరిగితే రిమ్ము మీదనే ఉల్టా చేయించుకుంట. మా పంచర్ షాపాయన చేస్తడు. గట్ల చేసినాకనే నీ తాన్కొస్త."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగినవన్నా?"

అరిగింది ఎప్పుడూ లోపలి అంచే, టైరు తిప్పేసరికి అది బయటికొచ్చింది. మూతులు బయటికి పోతుంటే, తను ఇంకా బయటికి తిప్పాడు! కారును జాకీ మీద లేపి, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఇనుప చేతుల దగ్గర కడ్డీ పెట్టి ఎత్తాడు. రెండు పక్కలా ఆ చేతుల కీళ్లలోని రబ్బరు బుష్‌లు చీలిపోయి ఉన్నాయి. నిలబడ్డ బండికి కొలతలు సరిగ్గానే వస్తాయి. రోడ్డెక్కి బ్రేక్ తొక్కితే బుష్‌లు జరిగి మూతులు బయటికి విచ్చుకుంటాయి. మొదటి రోజే ఆ కడ్డీ పెట్టి ఉంటే ఇంత రామాయణం ఉండేది కాదు.

చంద్రిక వచ్చి చూసింది.

"తప్పు నాదే మేడం," అన్నాడు సునీల్. "ఉల్టా చేసినట్టు చెప్పలె."

ఆ మాట పట్టుకుంటే పిట్ దక్కేది. నర్సింహ తల ఊపబోయాడు కూడా.

"కాదమ్మా. మిషన్ అంతా మంచిగనే ఉందని సూపిచ్చినా ఇనకుండ నేనే రెండుసార్లు చెడగొట్టిన. బుష్‌లు సూడనే లేదు," అన్నాడు. అన్నాక తన మీద తనకే మండింది.

చంద్రిక చీలిన బుష్‌ల వైపు వేలు చూపింది. "బుష్‌లు మార్చి, కొలతలు పెట్టి పంపు కాకా. రేపటి నుంచి గాలి కొట్టే మిషన్ దగ్గర కూర్చో."

ఆ రోజే వేయించుకున్న కొత్త టైర్లతో నెలన్నర తర్వాత సునీల్ గాలి పట్టించుకోవడానికి వచ్చాడు. "సూడన్నా, రెండంచులు ఒక్క తీరుగున్నయ్!"

నర్సింహ చేయి జరిపి చూశాడు. ఎటు లాగినా మెత్తగానే ఉంది. అది చూసి మెచ్చుకోవడానికి షాపువాళ్లు ఒక్కరూ పక్కన లేరు.

అవతల పిట్‌లో ఎవరిదో కారు నిలబడి ఉంది. ముందు టైర్ల బయటి అంచులు నున్నగా అరిగాయి.

"కళ్యాణ్! టైర్లు ఉల్టా చేయించిండా అడుగు. బుష్‌లకు కడ్డీ పెట్టి సూడు!" అని అరిచాడు నర్సింహ.

"అంతా గ్రీనే ఉంది కాకా," అన్నాడు కళ్యాణ్, స్క్రీన్ మీంచి కళ్లెత్తకుండా. కారు వెళ్లిపోయింది.