కాలనీ కోటు

మా రైల్వే కాలనీలో ఒక కోటు ఉంది. పక్క క్వార్టర్ బాబాయిది. క్లర్కుగా ఉన్న రోజుల్లో గోల్ బజార్‌లో కుట్టించుకుని, ఆఫీసర్ సెలక్షన్‌కి తొడుక్కెళ్ళి గట్టెక్కాడు. అప్పట్నుంచి వీధిలో ఎవరికి ఇంటర్వ్యూ వచ్చినా ఆ కోటు బీరువాలోంచి దిగుతుంది. అది వేసుకుని తప్పినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు.

నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక యాప్ తయారుచేశాం. సరుకు దింపేసిన లారీ ఖాళీగా తిరిగి రాకుండా, వచ్చే దారిలో ఎక్కడ లోడు దొరుకుతుందో చూపిస్తుంది. కోడు రాసేది అతను. ఊరి చివర తిఫ్రా లారీ అడ్డాలో తిరిగి, డ్రైవర్లతో టీ తాగి, వాళ్ళ ఫోన్లలో యాప్ ఎక్కించేది నేను. సొంత కంపెనీ ఇద్దరికీ ఇదే మొదలు. రాయపూర్‌లో ఇన్వెస్టర్ల ముందు యాప్ గురించి చెప్పుకోమని పిలుపు వచ్చింది. వాళ్ళు పెట్టుబడి పెడితే కంపెనీ నిలుస్తుంది, లేకపోతే తాళం వేసుకోవాలి.

"కంపెనీ టీ షర్టు, ఉతికిన జీన్సు, శుభ్రమైన బూట్లు. అంతకు మించి ఏమీ వద్దు" అన్నాడు స్నేహితుడు. ఈ రంగంలో సూటు వేసుకునేవాడు వకీలో, బ్యాంకువాడో అయి ఉంటాడని నాకూ తెలుసు.

అయినా ముందురోజు సాయంత్రం బాబాయి కోటు పట్టుకుని వచ్చేశాడు. నాన్న రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇస్త్రీ లేని యూనిఫాంతో ఒక్కనాడూ డ్యూటీకి వెళ్ళని మనిషి. మంచం మీదున్న నా టీ షర్టు చూసి మొహం చిట్లించారు.

"ఏటిది? బనీనేసుకుని ఎల్తావా పెద్దోల కాడికి?"

"అక్కడ వాళ్ళూ ఇలాగే వస్తారు నాన్నా."

"ఆల్లు ఇచ్చీవోల్లు, ఎలాగొచ్చినా సెల్తాది. అడిగీవోడివి నువ్వు."

సరే, కోటు రైలెక్కాక విప్పేద్దాం అనుకున్నాను. పొద్దున్న చూస్తే నాన్న కూడా తయారై కూర్చున్నారు. "రైలు పాసుంది కదా, నానూ వస్తాను" అంటూ నా మెడకి టై ఆయనే కట్టారు. నా పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

ఇన్వెస్టర్ల గదికి గోడ లేదు, నిలువెత్తు అద్దం. నాన్న బయట సోఫాలో, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చున్నారు. ఇక కోటు విప్పేదెక్కడ? లోపల ముగ్గురున్నారు. వాళ్ళలో పెద్దావిడ జీన్సూ కాన్వాసు బూట్లూ వేసుకుంది. "పెళ్ళినుంచి నేరుగా వచ్చారా?" అని హిందీలో సరదాగానే అడిగింది. నవ్వేస్తే సరిపోయేది. నేను లేచి నిలబడి "నో మేడమ్" అన్నాను.

ఒంటి మీద ఆ కోటు పడ్డాక నేను నేను కాను. వీపు బిగుసుకుపోయింది. ప్రతి మాటకీ సర్, మేడమ్. చిన్నప్పటినుంచీ మా వీధిలో సెలక్షన్‌కి వెళ్ళేవాళ్ళు వసారాలో నిలబడి వల్లించిన జవాబులే నాకు తెలిసిన ఇంటర్వ్యూ.

"డ్రైవర్లు మిమ్మల్ని ఎందుకు నమ్ముతున్నారు?" అని అడిగింది ఆవిడ. అడగాల్సిన ప్రశ్న అదే. పంక్చరైన టైరు పక్కన కూర్చుని వాళ్ళతో పంచుకున్న రొట్టెల గురించి చెప్పాలి. టైర్లు ఎత్తడంలో నేనూ ఒక చెయ్యి వేసిన సంగతి చెప్పాలి. నేను మాత్రం "కస్టమర్ విశ్వాసమే మా సంస్థకు పునాది" అన్నాను. స్నేహితుడు తల దించుకున్నాడు. అద్దం అవతల నాన్న నిటారుగా కూర్చుని, బాగా చెబుతున్నావన్నట్టు తలాడిస్తున్నారు.

చివర్లో ఆవిడ మర్యాదగానే చెప్పేసింది. "యాప్ బాగుంది. కానీ రోజూ లారీవాళ్ళ మధ్య ఉండే మనిషి మీ ఇద్దరిలో మాకు కనబడలేదు. మేం పెట్టుబడి పెట్టేది ఆ మనిషి మీదే." ఆ మనిషిని నేనే అని అరవాలనిపించింది. టై బిగించుకుని అరిస్తే ఎవరు నమ్ముతారు? థాంక్యూ మేడమ్ అన్నాను.

స్నేహితుడు రాయపూర్‌లోనే వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయాడు. తిరుగు రైల్లో నాన్న ఆగలేక అడిగారు.

"ఏటన్నారు?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు. ఆవిడ అన్నది అన్నట్టే చెప్పాను. నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది.

"నన్ను నోపలికి పిలిస్తే సెప్పీవోణ్ణి" అన్నారు నాన్న. "రోజూ ఒల్లంతా గ్రీజుతో ఇంటికొస్తావు. వీదిలో నలుగురూ సూస్తారని నాకు సిగ్గేసీది. ఈ ఒక్కరోజైనా అది కనబడకూడదనే కదరా నీకు కోటేసినాను."