నైరుతి బాణం

ప్రత్తిపాడు శివారులో ఉన్న ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పే సాల్మన్ మాస్టారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా పేరు పిచ్చి. ఆయన పాటలు పాడించే చర్చిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎవరో ఒక దాత పేరు ఉంటుంది. ఆయన పేరు మాత్రం హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు.

పాఠం కూడా పాటలాగే చెప్పేవాడు. "సున్నా డిగ్రీల అక్షాంశం?" అని ఆయన రాగం తీస్తే, "అల్పపీడనం" అని తొమ్మిదో తరగతి బదులిచ్చేది. "ముప్పై?" "అధికం." "అరవై?" "అల్పం." "తొంభై?" "అధికం." భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుందనీ, ముప్పై డిగ్రీల దగ్గర దిగి బరువుగా కూర్చుంటుందనీ, అక్కణ్ణుంచి నేలబారున రెండు వైపులా బయలుదేరుతుందనీ చెప్పేవాడు. భూమధ్యరేఖ వైపు వచ్చేవి వ్యాపార పవనాలు, అరవై వైపు పోయేవి పశ్చిమ పవనాలు. భూమి తిరుగుతుంది కాబట్టి ఉత్తరార్ధగోళంలో ఏ గాలైనా కుడికి వంగాల్సిందే. పిల్లలకు మార్కులు బాగా వచ్చేవి. అర్థమైందా అని ఆయన అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఆ వేసవిలో బడి యజమాని గోపాలకృష్ణ గారికి ప్రహరీ మీద ప్రపంచ పటం వేయించాలని బుద్ధి పుట్టింది. ఆయనకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. బడి దానికి తమ్ముడు లాంటిది. సైన్‌బోర్డులు రాసే బుడే నిచ్చెనెక్కి పీడన మేఖలలు, బాణాలు అన్నీ గీశాడు. భూమధ్యరేఖ దగ్గర ఓడల తెరచాపలు ఊపిరాడక వేలాడే డోల్‌డ్రమ్స్‌ను కూడా నీలంగా దిద్దాడు. అడుగున ఎర్ర రంగులో "రూపకల్పన: బి. సాల్మన్" అని రాశాడు. మాస్టారు ఆ రోజు ఇంటికి చుట్టుదారిన, అంటే గోడ ముందు నుంచి రెండుసార్లు, వెళ్లాడు.

మర్నాడు వాస్తు సిద్ధాంతి వచ్చాడు. గోడ నడిమి చూసి నొసలు చిట్లించాడు.

"బ్రహ్మస్థానంలో అల్పమా? నట్టింట్లో గొయ్యి తవ్వుకున్నట్టు. అధికం అని రాయించండి. ఇంకోటి, నైరుతి మూల నుంచి దేశంలోకి బాణం దూసుకొస్తోంది. నైరుతి నుంచి వచ్చేదేదీ మంచిది కాదు."

"వాన కూడానా అండీ?" అన్నాడు సాల్మన్.

సిద్ధాంతి వినిపించుకోలేదు. గోపాలకృష్ణ గారు విన్నారు గానీ, పోయిన ఏడు మిర్చి ధర పడిపోయిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నారు.

సాల్మన్ అంత తేలిగ్గా వదల్లేదు. గోపాలకృష్ణ గారిని కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లి, గది తలుపు కొద్దిగా తెరిపించి, ఆఫీసులో దేవుడి పటం ముందున్న అగరొత్తి తెచ్చి కింద పట్టాడు. పొగ బయటికి పరిగెత్తింది. పైన పట్టాడు. పొగ లోపలికి, మిర్చి బస్తాల, అదే టిక్కీల, మీదికి పోయింది.

"చల్లగాలి బరువు, కింద బయటికొస్తోంది. వేడిగాలి తేలిక, పైన లోపలికెళ్తోంది. కిందగాలి ఎప్పుడూ అధికం నుంచి అల్పానికేనండి. గోడ మీద నడుమ అధికం అని రాస్తే బాణాలన్నీ పల్లం నుంచి మెరకకి నీళ్లు పారినట్టుంటాయి."

"బాగుంది మాస్టారూ, బ్రహ్మాండంగా ఉంది. ఇక తలుపెయ్యండి, కరెంటు బిల్లు కాలిపోతోంది," అన్నారు గోపాలకృష్ణ గారు. "సైన్సు సైన్సే, వాస్తు వాస్తే. మీకంత కష్టమైతే గోడ మీద మీ పేరు తీయిస్తాను. వేరే ఎవరైనా వస్తారు, పాఠానికీ గోడకీ."

సాల్మన్‌కు ఎర్ర రంగు అక్షరాలు కళ్లముందు మెదిలాయి. నోరు మూసుకున్నాడు. బుడే అల్పాన్ని అధికం చేశాడు, నైరుతి బాణం తుడిచేశాడు. అబద్ధం కింద మాస్టారి పేరు నిగనిగలాడింది. ఆయన ఇప్పుడు ఇంటికి దగ్గరిదారిన పోతున్నాడు.

ఆ ఏడు జూన్ దాటినా చినుకు లేదు. పొడి దుక్కిలో పత్తి గింజలు పెట్టిన రైతులు ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి పుట్టించుకున్నారు. వాళ్లలో రంగయ్య కూతురు అనూష తొమ్మిదో తరగతి. అన్నం దగ్గర తండ్రితో ఒక మాట అంది: "వాన నైరుతి గాలితో వస్తుందని మాస్టారు చెప్పారు నాన్నా. బళ్లో గోడ మీద మాత్రం ఆ బాణం తుడిచేశారు."

తెల్లారేసరికి బడి గేటు ముందు ఊరు ఊరంతా ఉంది.

"ఏమయ్యా గోపాలకృష్ణా, మా వానని నీ గోడ మీద తుడిచేశావంట," అని రంగయ్య అరిచాడు. "ఆ బాణం పెట్టేదాకా నీ కోల్డ్ స్టోరేజీలో ఒక్క టిక్కీ దించం."

గోపాలకృష్ణ గారికి వాస్తు కంటే టిక్కీ పెద్దది. "ఒరేయ్ బుడే, బాణం పెట్టు, ముందటి కంటే లావుగా. నడుమ అల్పం కూడా పెట్టు," అన్నారు. ఆ వారంలోనే వాన దంచికొట్టింది. మామూలుగానే, కాస్త ఆలస్యంగా.

అప్పట్నుంచి సాల్మన్ ఊరికి "గాలి మాస్టారు" అయ్యాడు. గోడ మీద ఆయన పేరుకు ఎవరో నిమ్మకాయలు కట్టారు, ఎవరో పసుపు రాశారు. సాల్మన్‌కు సిగ్గేసింది. అబద్ధం చెప్పడమెందుకు, రవ్వంత సంతోషం కూడా కలిగింది.

పరీక్ష వచ్చింది. నైరుతి ఋతుపవనాలు మనకెలా వస్తాయి అని అడిగాడు. సగం మంది "మన బడి గోడ మీది బాణం వల్ల" అని రాశారు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అనూష కాగితం తీశాక నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల అంతా సరిగ్గానే రాసింది: వేసవిలో అల్పపీడన మేఖల సూర్యుడితో పాటు ఉత్తరానికి జరుగుతుంది, దక్షిణార్ధగోళపు ఆగ్నేయ వ్యాపార పవనాలు భూమధ్యరేఖ దాటి కుడికి వంగి నైరుతి గాలులవుతాయి. ఆఖర్న ఒక ముక్క చేర్చింది: "కానీ గోడ మీద బాణం ఉంటేనే."

బుద్ధిమంతురాలు. సాల్మన్ నోరు మూసుకుని నేర్పిన పాఠం కూడా నేర్చేసుకుంది.

మర్నాడు నైరుతిన మబ్బు పట్టి ఉండగా తరగతిని గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. బుడే వదిలేసిన తెల్ల రంగు డబ్బా మూత తీశాడు. ముందు బాణం మీద పూశాడు, తర్వాత తన పేరు మీద.

"అయ్యో, ఇక వాన రాదు మాస్టారూ," అంది అనూష.

"చూద్దాం. గాలి ఎటు నుంచి కొడుతోందో చెయ్యెత్తి చూడు."

పిల్లలందరూ చేతులెత్తారు. నైరుతి గాలి ఆయన చొక్కా మీద తెల్ల రంగు చిమ్మింది, వెనకే చినుకులు మొదలయ్యాయి. అనూష తుడిచేసిన గోడనీ, తడుస్తున్న తన అరచేతినీ మార్చి మార్చి చూసింది. "బాణం లేదు కదా," అని తనలో తాను అనుకుని, కాసేపటికి నవ్వింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒక పిల్లకు పాఠం అర్థమవడం సాల్మన్ కళ్లారా చూశాడు.

గేటు అవతల రంగయ్య గొంగళి కప్పుకుని నిలబడి అంతా చూశాడు. "బాణం తుడిచినా వాన పడిందంటే," అన్నాడు పక్కనున్నవాళ్లతో, "మహిమ బాణంలో లేదురా. మాస్టారిలోనే ఉంది."

ఆ ఆదివారం చర్చిలో కొత్త ఫ్యాను వెలిసింది. రైతులు చందా వేసి ఇచ్చారు. మూడు రెక్కల మీదా "గాలి మాస్టారు బి. సాల్మన్" అని బుడే ముచ్చటగా రాశాడు. సాల్మన్ తలెత్తి తన పేరును ఒక్కసారి చదువుకున్నాడు. తర్వాత వెళ్లి స్విచ్ వేశాడు, రెక్కలు తిరిగి అక్షరాలు కనపడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.