మైనస్ మరిచిన మీటరు బాబాయి

మోటార్లు బాగుచేసే ఆ షెడ్డులో టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చునే మనిషిని అందరూ మీటరు బాబాయి అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా అతను రాసిన అంకెను తిరిగి చూసినవాడు లేడు.

అతని అన్న పోయాక వదిన అదే షెడ్డులో వైండింగు, అంటే మోటారు లోపల రాగి తీగ చుట్టడం, నేర్చుకుంది. పది హార్స్‌పవర్ మోటారు ఒక్కతే చుట్టింది. అది పాసైతేనే ఆమెకి అక్కడ ఉద్యోగం.

పొద్దున బాబాయి మోటారుకి ఏ పనీ తగిలించకుండా ఖాళీగా తిప్పాడు. కరెంటు వచ్చే మూడు తీగల్లో రెండింటికి చెరొక వాట్‌మీటరు. రెండు అంకెలూ కలిపితే మొత్తం పవరు. మొదటిది పన్నెండొందల వాట్లు చూపింది. రెండోదాని ముల్లు సున్నా కిందకి వాలింది. ఖాళీ మోటారుకి అది మామూలే. మీటరు వోల్టేజి తీగలు అటూ ఇటూ మార్చాడు; ఏడొందలు చూపింది. అలా మార్చి చదివిన అంకె ముందు మైనస్ పెట్టాలి.

యజమాని వెనకాలే నిలబడి, "ఏం బాబాయ్, వదినగారి మోటారని ముల్లుని బుజ్జగిస్తున్నావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. బాబాయి మొహం మాడిపోయింది. గబగబా కూడి, "పందొమ్మిది వందలు. ఫెయిల్," అన్నాడు.

"ఊరికే తిరగడానికే అంత మింగుతుందా? అయిదారొందలు దాటకూడదే! చుట్లు విప్పెయ్యమ్మా," అన్నాడు యజమాని.

వదిన మోటారుని చక్రాల బండి మీద లోపలికి తోసుకెళ్లింది.

టీ తాగాక బాబాయి రిజిస్టరులో పవర్ ఫ్యాక్టరు గడి, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, నింపబోయాడు. రెండు అంకెల తేడాని మొత్తంతో భాగించి, మూడు యొక్క వర్గమూలంతో గుణించి, పట్టిక చూశాడు. సున్నా పాయింటు తొంభై ఒకటి. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఖాళీగా తిరిగే మోటారుకి తొంభై ఒకటా? సున్నా పాయింటు రెండు దాటితేనే వింత! ఏడొందల ముందు మైనస్ పెట్టి మళ్లీ వేశాడు. మొత్తం అయిదొందలు, పవర్ ఫ్యాక్టరు సున్నా పాయింటు పదిహేను. మోటారు బంగారంలా ఉంది.

"వదినా! ఆగండి!"

ఉలి దెబ్బలు ఆగాయి. అప్పటికే ఒకవైపు రాగి చుట్లన్నీ తెగి, బల్ల కింద కుప్పగా పడున్నాయి.

"తప్పు నాది. మీది పాసైంది," అన్నాడు.

ఆమె ఉలి దించకుండానే అతనికేసి చూసింది. "పాసైందా? ఏది, చూపించు మరిదీ, ఏది పాసైంది?"

అతను రిజిస్టరు తీసుకెళ్లి యజమాని ముందు పెట్టి, ఎర్ర సిరాతో 'పరీక్ష తప్పు, మోటారు మంచిది' అని రాసి సంతకం చేశాడు. యజమాని ఆ కాగితాన్ని, అతన్ని, మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఆమెని రేపట్నుంచి రమ్మను," అన్నాడు, "నీ అంకెలు మాత్రం ఇక ఇద్దరు చూస్తారు."

బాబాయి తలూపాడు. లోపల ఉలి దెబ్బలు మళ్లీ మొదలయ్యాయి. సగం తెగినది ఎలాగూ మొత్తం తీయాల్సిందే.