పదకొండో సభ్యురాలి వంతు

ముప్పై ఏళ్లుగా కువైట్‌లో పార్లమెంటు నడుపుతున్నాను. ఏటా బడ్జెట్‌ను ముక్కలు ముక్కలుగా విరిచి, మంత్రిత్వ శాఖల చేత మూడు చెరువుల నీళ్లు తాగించి, మళ్లీ అతికించి పంపుతాను. నా చేతి కింద తయారైన ఆర్థిక మంత్రులు లెక్కకు మించి ఉన్నారు.

ఇంత గొప్పగా చెప్పాక కొంచెం కిందికి దిగాలి. నడిపింది పార్లమెంటు కాదు, ఒక ఇండియన్ స్కూల్లో పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం. ముప్పై ఏళ్లు కాదు, పంతొమ్మిది. ఆర్థిక మంత్రులు అన్నవాళ్లలో ఒకడు ఇక్కడే రుమైథియాలో మొబైల్ ఫోన్లు అమ్ముతున్నాడని మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. మిగతావాళ్ల సంగతి తెలియదు.

ఏటా యూత్ పార్లమెంటు పేరుతో పిల్లల చేత వేయించే బడ్జెట్ నాటకానికి స్క్రిప్టు మాత్రం నేను రాసిందే. దేశ బడ్జెట్ సభలోకి వచ్చి, పైపైన చర్చ అయ్యాక, సభకు కొన్ని వారాలు విరామం ఇస్తారు. ఆ విరామంలో ఒక్కొక్క శాఖ అడిగిన పద్దులను ఉభయ సభల సభ్యులున్న స్థాయీ సంఘాలు కూర్చుని పరిశీలిస్తాయి. శాఖ కార్యదర్శిని పిలిచి ప్రశ్నలు వేస్తాయి, నివేదిక రాసి సభకు పంపుతాయి. ఆ తరవాతే సభలో పద్దుల మీద ఓటు, ఆపైన ఖజానా తాళం తీసే బిల్లు. నిజమైన సంఘంలో ముప్పై ఒక్క మంది ఉంటారు. మా తరగతిలో హ్యుమానిటీస్ తీసుకున్నవాళ్లు పన్నెండు మంది. ఒక పిల్లాణ్ణి అధ్యక్షుణ్ణి చేశాను, మిగిలిన పదకొండు మందినీ సభ్యులను చేశాను. శాఖ కార్యదర్శి పాత్ర నేను వేశాను. పిల్లలకు ఆ జవాబులు చెప్పడం కష్టమని ప్రిన్సిపాల్ మేడంతో అన్నాను. నిజమేమిటంటే ఒక అబ్బాయి ఆ పాత్ర తనకు కావాలని రెండుసార్లు అడిగాడు. నేనే ఇవ్వలేదు.

పదకొండో సభ్యురాలు రాయచోటి అమ్మాయి. ఆ ఏడాది చేరిన రోజు నుంచీ తరగతిలో ఆమె గొంతు ఎవరూ వినలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. రాసిన కాగితం మాత్రం అద్దంలా ఉండేది. వాళ్ల నాన్న అల్ రాయ్‌లో ఒక గ్యారేజీలో కార్లకు రంగులు వేయించే ఫోర్‌మన్. పేరెంట్స్ మీటింగుకు వచ్చి, గోళ్ల సందుల్లో తెల్లరంగు కనబడకుండా చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

"సార్, పిల్ల నోరే తెరవదంట గదా. అందరు టీచర్లూ అదే మాట చెప్పినారు. నోరు లేని పిల్లకు ఇంత ఫీజు నేనెందుకు కట్టాల? ఊర్లో మా అమ్మ కాడ పెట్టి ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాపిద్దామనుకుంటాండా."

"ఏమండీ, అంత తొందరేం వచ్చిందండీ? వచ్చే నెల నా బడ్జెట్ కమిటీ ఉంది, తల్లిదండ్రులు వచ్చి చూడొచ్చు. మీ అమ్మాయి చేత పార్లమెంటును గడగడలాడిస్తాను, చూస్తూ ఉండండి."

అతను నవ్వలేదు. "గడగడలాడించాల్సిన పన్లేదు సార్. ఇంగ్లీషులో ఏం మాట్లాడినా నాకు అర్థం గాదు. నోరు తెరిస్తే చాలు. ఒక్కసారి నా కండ్లతో చూస్తే పన్నెండో తరగతి గూడా ఈడనే చదివిస్తా. లేకపోతే టికెట్ తీస్తా."

నేను మాట ఇచ్చాను. ఇవ్వడం నాకు అలవాటు.

ఆ అమ్మాయికి అందరికంటే మంచి ప్రశ్న ఇచ్చాను. విద్యాశాఖ పోయిన ఏడాది బాలికల వసతి బడుల కోసం తీసుకున్నదే పూర్తిగా ఖర్చు పెట్టలేదు, ఈ ఏడాది అంతకంటే ఎక్కువ ఎందుకు అడుగుతోంది? కార్యదర్శికి చెమట పట్టించే ప్రశ్న. చివర్లో ఆమె లేచి ఈ ప్రశ్న వేస్తుంది, నేను తడబడతాను, అధ్యక్షుడు నివేదికలో రాయమంటాడు. ఆ వెంటనే బెల్లు మోగుతుంది. బెల్లుతో పాటు అధ్యక్షుడు డస్టర్‌తో బల్లమీద కొట్టి "గిలెటిన్! మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఆమోదం" అంటాడు. కత్తి పడ్డట్టు ముగుస్తుంది. అది నా స్క్రిప్టులో నాకు ముద్దొచ్చే చోటు.

రిహార్సల్ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నాతో మాట్లాడింది! గుసగుస కంటే కొంచెం పెద్ద గొంతు.

"సార్, గిలెటిన్ సభలో గదా? టైం అయిపోయినాక స్పీకర్ మిగిలిన పద్దులన్నీ ఒకేసారి ఓటుకు పెడతాడని ఉంది. కమిటీలో ఓటే లేదు గదా సార్. ఈడ అందరి మాటా వినాల. ఒప్పుకోకపోతే ఆ సంగతి గూడా రాసి నివేదికకు జత చేయాల."

ప్రతి అక్షరం సరైనదే. ఇంకో సంగతి కూడా ఆమె చెప్పగలిగేది, మర్యాదకు వదిలేసిందేమో: నిజమైన సంఘం తలుపులు వేసుకుని కూర్చుంటుంది, వెనక తల్లిదండ్రులను కుర్చీలేసి కూర్చోబెట్టదు. నాకు ఇవన్నీ తెలుసు. పంతొమ్మిదేళ్లుగా తెలుసు. అయినా నవ్వి, "అమ్మాయ్, ఇది నాటకం. నాటకానికి ముగింపు కావాలి" అన్నాను.

"సరే సార్" అని వెళ్లిపోయింది. ఆ రోజు నేను సంతోషించిన మాట నిజం. మాట్లాడించేశాననుకున్నాను.

గురువారం ఆరో పీరియడ్. వెనక కుర్చీల్లో తొమ్మిది మంది తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ మేడం, చివరి కుర్చీలో గ్యారేజీ యూనిఫారంలోనే ఆయన. రెండు గంటలు పర్మిషన్ తీసుకుని వచ్చానని గుమ్మం దగ్గరే చెప్పాడు.

పీరియడ్ నలభై నిమిషాలు. సభ్యులు ఒకరి తరవాత ఒకరు లేచారు. పిల్లలు సమయానికే నడిచారు, ఆ మాట స్పష్టంగా రాయాలి. ఐదో సభ్యుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనం మీద ప్రశ్న వేసినప్పుడు, నేను స్క్రిప్టులో ఉన్న నాలుగు వాక్యాలూ చెప్పి కూర్చోవాల్సింది. మేడం నవ్వింది. ఒక తండ్రి ఫోన్ ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. అంతే, నాకు రెక్కలొచ్చాయి. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఢిల్లీ అధికారిలా దగ్గి, "సమాచారం సేకరిస్తున్నాం, సేకరించిన వెంటనే సేకరించిన సంగతి తెలియజేస్తాం" అన్నాను. అందరూ నవ్వారు. మళ్లీ అన్నాను. ఫైళ్లు వెతికినట్టు నటించాను. ఎంతసేపు మాట్లాడానో అప్పుడు తెలియదు. ఆ వీడియో తరవాత నాకే పంపారు. పదకొండు నిమిషాలు.

పదో సభ్యుడు కూర్చున్నాడు. అధ్యక్షుడు "పదకొండో సభ్యురాలు" అన్నాడు. ఆ అమ్మాయి లేచింది. చేతిలో కాగితం లేదు, బట్టీ పట్టింది. వెనక్కి తిరిగి వాళ్ల నాన్న వైపు ఒకసారి చూసింది. ఊపిరి పీల్చుకుంది.

బెల్లు మోగింది.

అధ్యక్షుడు నా వైపు చూశాడు. ఏం చేయాలో వాడికి తెలియలేదు. ఇక్కడ నేను చెయ్యి అడ్డం పెడితే సరిపోయేది. "సంఘంలో గిలెటిన్ లేదు, సభ్యురాలు మాట్లాడాలి" అంటే పాఠం కూడా సరిగ్గా ఉండేది. తరవాతి పీరియడ్ లైబ్రరీ, ఎవరి కొంపా మునిగేది కాదు. కానీ మేడం చప్పట్లకు చేతులు ఎత్తి ఉంది, ఆ ముగింపు నాకు కావాలి. నేను తల ఊపాను.

డస్టర్ పడింది. "గిలెటిన్!" చప్పట్లు మారుమోగాయి. "నిజమైన పార్లమెంటే చూసినట్టుంది" అంది మేడం. ఆ చప్పట్లలో అమ్మాయి ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు. చూడలేదని రాస్తున్నాను గానీ, చూశాను. నోరు కొంచెం తెరిచే ఉంది. కూర్చున్నాక మూసుకుంది. చివరి కుర్చీ అప్పటికే ఖాళీ.

శనివారం అల్ రాయ్ వెళ్లాను. సున్నం రంగు కారు తలుపు ఒకటి తాడుకు వేలాడుతోంది, ఆయన దాని చుట్టూ తిరిగి చూస్తున్నాడు. స్టూలు తెప్పించి నన్ను కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు.

"తప్పు నాదండీ" అన్నాను. "మీ అమ్మాయి లేచింది, మీరూ చూశారు. నేనే టైమంతా తినేశాను. అక్కడ బెల్లుతో ఆపకూడదు, ఆ సంగతి మీ అమ్మాయే నాకు ముందు చెప్పింది. నాతో మాట్లాడిందండీ! మీరు ఇంకొక్కసారి రండి."

ఆయన తలుపు మీద చెయ్యి తీసి గుడ్డతో తుడుచుకున్నాడు.

"మీరు పెద్ద మనసుతో మీ మీదేసుకుంటాండారు సార్."

"లేదండీ, నిజం చెబుతున్నాను."

"పిల్ల చెప్పింది సార్, మీరు ఏ మాటైనా కొంచెం పెద్దది చేసి చెప్తారంట. చెడ్డగా చెప్పలేదు, నవ్వుకుంటా చెప్పింది. ఇది గూడా అట్లాంటిదే లే."

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అది కూడా నా గాలి కబుర్లలో కలిసిపోయింది.

"ఫోన్ చేయండి" అన్నాను. "ఇప్పుడే అడుగుదాం. ఆ ప్రశ్న మీ ముందు చెబుతుంది."

ఆయన చేసి స్పీకర్ పెట్టాడు. "మీ సార్ వచ్చినాడు మ్మా. మొన్న ఏందో అడగాలంట గదా, అది ఇప్పుడు చెప్పమంట."

కుక్కర్ విజిల్ వినిపించింది. మళ్లీ ఒకటి. నేను ఫోన్ మీదికి వంగి, "అమ్మాయ్, బాలికల బడుల పద్దు... మొదలుపెట్టమ్మా" అన్నాను. ఆమె ఊపిరి వినబడుతోంది. నేను చెప్పిన మొదటి ముక్కకు ఆమె రెండో ముక్క అందుకోలేదు.

"అన్నం వండుతాండా నాయనా. ఉంటా."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నన్ను దెప్పలేదు. "టీ చల్లారిపోతుంది సార్" అన్నాడు.

వార్షిక పరీక్షలు అయిన వారానికి టికెట్. టీసీ కోసం దరఖాస్తు నా బల్ల మీదికే వచ్చింది, క్లాస్ టీచర్ని నేనే. అందులో, విద్యార్థి పాల్గొన్న ఇతర కార్యక్రమాలు అని ఒక గడి ఉంటుంది. యూత్ పార్లమెంటులో అద్భుతంగా ప్రసంగించిందని పెద్ద అక్షరాలతో రాశాను. ఆఫీసులో గుమాస్తా, సర్టిఫికెట్ ఏదీ, ఎవరు విన్నారు అని అడిగి, దాన్ని కొట్టేసి గీత పెట్టాడు.

అలా అని చాలామందికి చెప్పాను. గుమాస్తా ఏమీ అడగలేదు. నేను ఆ గడిలో ఏమీ రాయలేదు. ఎంత పెద్ద మాట రాసినా ఆమె వాళ్ల నాన్నకు దాన్ని నవ్వుతూ చూపిస్తుందనిపించింది. గీత పెట్టింది నేనే.