గద్ద దగ్గర మొదలైన లెక్క

నేను పాఠాలు చెప్పే జువాలజీ డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో స్లైడ్లు కడిగే ఆమెకు రావలసిన టీచర్ ఉద్యోగం నా వల్ల పోయింది. నేను చెప్పేవాటిలో సగం కోతలేనని క్యాంపస్‌లో అందరికీ తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. ఇందులో కోత ఒక్కటే ఉంది, అది పాము.

ఆమె క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చేది. ఇక్కడ పని చేసుకుంటూనే డిగ్రీ చదివింది, సెలవు పెట్టి బీఎడ్ చేసింది. తార్నాకలో ఒక స్కూల్ ప్రిన్సిపాల్ నాతో ఎమ్మెస్సీ చదివిన మనిషి. బయాలజీ టీచర్ కోసం వెతుకుతున్నానని ఆ మనిషి అంటే, మా ల్యాబ్ ఆమెను డెమో క్లాసుకు పంపుతానన్నాను. పాఠం, ఆహార గొలుసులో శక్తి ప్రసారం.

“పిల్లలకు మంచిగ ఎక్కాలంటే ఎట్ల చెప్పాలె మేడం?” అని అడిగింది.

కథలా చెప్పమని నేనే మొదలుపెట్టాను. మా బిల్డింగ్ మీద వాలే గద్ద ఒకరోజు పామును పట్టుకుంది. ఎంత పామంటే, తల మా మెట్ల మీదుంటే తోక క్యాంపస్ బయట తార్నాక చౌరస్తాలో సిగ్నల్ కోసం ఆగి ఉంది. ఆ పాము కప్పను మింగింది, కప్ప మిడతను, మిడత గడ్డిని. గద్దకు అందింది అయిదు జౌల్స్ శక్తి అనుకో, మెట్టుకు పది శాతం చొప్పున మిగతావి నువ్వే లెక్క కట్టు అన్నాను.

మర్నాడు నోట్‌బుక్ తెచ్చి చూపించింది. సిగ్నల్ దగ్గర ఆగిన తోకను కూడా బొమ్మ వేసింది. అది చూసి నవ్వి, “సూపర్, ఇక వెళ్ళు” అన్నాను. కింద అంకెలు చూడలేదు.

డెమో రోజు వెనక బెంచీలో ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నాను. ఆమె గొంతు బాగుంది, పిల్లలు పాముకు పడిపడి నవ్వారు. ఆ తర్వాత బోర్డు మీద రాసింది: గద్ద 5, పాము 0.5, కప్ప 0.05, మిడత 0.005, గడ్డి 0.0005.

నేను కథ చెప్పిన వరసలోనే ఆమె పది శాతం తీసుకుంటూ పోయింది. కథలో ముందు గద్ద వస్తుంది, శక్తి మాత్రం గడ్డి దగ్గర బయల్దేరి, తినే ప్రాణికి పదో వంతే అందుతూ పైకి పోతుంది.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. “టీచర్, పాము దగ్గర అర జౌలే ఉంటే గద్దకు అయిదు ఎక్కణ్ణుంచి వచ్చినయ్?”

ఆమె నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

“రూల్ పది శాతమే గదమ్మా,” అంది ఆమె.

క్లాసు అయ్యాక ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి తప్పు నాదేనన్నాను, తలకిందులుగా చెప్పింది నేనేనన్నాను.

“హాస్టల్ బాత్రూములో పులి ఉందని నన్ను మూడు రోజులు స్నానానికి పోనివ్వలేదు నువ్వు,” అంది ప్రిన్సిపాల్. “ఇప్పుడు తప్పు నాదంటే నమ్మాలా? ఆమె మీద జాలితో అంటున్నావు.”

“ఇది నిజమే.”

“పులి గురించి అప్పుడూ ఇలాగే అన్నావు.”

పోస్టు ఆ సాయంత్రమే ఇంకొకరికి ఇచ్చేసింది.

మర్నాడు ల్యాబ్‌లో ఆమెకు ఆ సంగతి చెప్పాను. లెక్క కూడా అప్పుడే చెప్పాను. గడ్డి వైపు నుంచి పైకి పోతే మెట్టుకు పదో వంతు, గద్ద వైపు నుంచి కిందికి వస్తే మెట్టుకు పదింతలు. ఆమె చేతులు తుడుచుకుని పాత రికార్డు అట్ట మీద రాసింది. 5, 50, 500, 5000, గడ్డికి 50000.

“పది శాతాన్నే పట్టుకున్న, ఎటు పోతున్ననో చూస్కోలే,” అంది. అట్ట పక్కన పెట్టి, “నోట్‌బుక్ మీకు చూపెట్టిన గద మేడం.”

“పాము బొమ్మ చూశాను.”

“పిల్ల అడిగినప్పుడన్నా చెప్పొచ్చు గద.”

జీవితంలో మొదటిసారి నాకు ఒక్క కోతా తట్టలేదు.

“పోస్టు పోతే పోయింది,” అంది ఆమె. “ముప్పై మంది పిల్లలు నా లెక్క రాస్కున్నరు. అది గట్లనే ఉంటదా?”

ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, అదే క్లాసులో ఆమెకు పది నిమిషాలు ఇమ్మని అడిగాను. ఎందుకే అంది, చివరికి సరేనంది. ఆ మధ్యాహ్నమే ఇద్దరం వెళ్ళాం. ఈసారి నేను లోపలికి పోలేదు, వరండాలో నిలబడ్డాను. ఆమె బోర్డు మీద ముందు గడ్డి అని రాసింది. నిన్న తప్పు చెప్పిన, కొట్టేయండి అంది. ముందు బెంచీ అమ్మాయి మిగతా తొంభై శాతం ఏమైతదని అడిగింది. గడ్డి తను బతకడానికే కొంత ఖర్చు పెట్టుకుంటది, అది వేడిగ పోతది, కొంత ఎవరూ తినకుండనే మిగిలిపోతది అని నిదానంగా చెప్పింది.

పాము గురించి ఎవరో అడిగారు. అది వద్దు అంది.

బయటికొచ్చి, వేళ్ళకంటిన చాక్‌పీస్ పొడి దులుపుకుని, బస్సు కోసం ఆగకుండా క్యాంపస్ వైపు నడిచింది. నేను వెనకే నడిచాను. ఇప్పటికీ స్లైడ్లు కడుగుతోంది. నేను ఎవరికైనా కథ మొదలుపెడితే తలెత్తకుండానే అడుగుతుంది, “మేడం, ఎటు దిక్కు నుంచి చెప్తున్నరు?”