ఫోన్ చేస్తామని రాసిన ఉత్తరం

వినికిడి యంత్రాలు అమ్మి, బాగుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ ఉత్తరాలక్క అనేవారు. యాభై రెండేళ్ల మనిషి. ఫిర్యాదుల విభాగంలో పంతొమ్మిదేళ్లు నలిగింది. మా కస్టమర్లు ఫోన్ చేసి పోట్లాడలేరు. వాళ్ల కోపం కాగితం మీదే వస్తుంది, మేమూ కాగితం మీదే జవాబు చెప్పుకోవాలి.

కొత్తగా చేరినవాళ్లకు అరగంట పాఠం చెప్పడం కూడా అక్క పనే. ఆ ఏడాది చేరిన నలుగురిలో నేనొకదాన్ని. స్టోరు పక్కన కిటికీ లేని గదిలో, ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టారు.

"ఫిర్యాదుకి జవాబు రాయడం పెద్ద విద్యేం కాదు," అంది అక్క. "ఏం జరిగిందో రికార్డు చూసి తేదీలతో రాయండి. తప్పు మనదైతే మనదని ఒప్పుకోండి. ఇక మీదట ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారో చెప్పండి. ఈ మూడూ లేకుండా ఎంత మర్యాదగా రాసినా ఊకదంపుడే."

తర్వాత ఒక పాత సంగతి చెప్పింది. ఆమె చేరిన కొత్తలో ఒక పెద్దాయన కౌంటరు దగ్గరికొచ్చి, ఆమె పంపిన నాలుగు జవాబులు వరసగా పరిచాడట. నాలుగూ అచ్చు ఒక్కటే. చివర 'మా ప్రతినిధి త్వరలో మీకు ఫోన్ చేస్తారు' అని ఉంది. "అమ్మా, ఫోన్ వినపడితే మీతో నాకేం పని?" అన్నాడట. మేము నవ్వాం. అక్క నవ్వలేదు.

"సరే, చెప్పింది చాలు. రాసి చూద్దాం," అంటూ ఆ ఉదయం వచ్చిన ట్రేలోంచి పైనున్న కవరు తీసి నాకిచ్చింది. అప్పటికి దాన్ని ఆమె కూడా చదవలేదు.

రాసినావిడ పసిపిల్లల క్రెష్‌లో ఆయా. పోయిన నెల మూడో తేదీన యంత్రం రిపేరుకిచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తేదీ. 'పిల్ల ఏడిస్తే నాకు వినపడడం లేదని పనికి రావద్దన్నారు. ఇది నా మూడో ఉత్తరం. ముందు మీరిచ్చిన రెండు జవాబులూ జత చేశాను. నాకు మాట వినపడదు, దయచేసి మెసేజ్ పెట్టండి,' అని రాసింది.

"ముందు రికార్డు," అంది అక్క. వర్క్‌షాపుకి ఫోన్ చేసి, రసీదు నంబరు చెప్పి, అవతలివాళ్లు చెప్పేది బోర్డు మీద రాసుకుంటూ పోయింది. పన్నెండున బాగైంది. పదమూడున పంపారు. ఫారంలో ఆవిడ కొత్త అడ్రసు రాసింది, మావాళ్లు కంప్యూటర్లో ఉన్న పాతదానికి పంపారు. పదిహేడున తిరిగొచ్చింది.

"ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. జవాబు విని రిసీవరు పెట్టేసింది. "తిరిగొచ్చినవాటి అరలో ఉందట. ఇరవై రెండు రోజులుగా. ఆవిడ మనకి ముందు రాసిన రెండుసార్లూ ఇక్కడే, ఈ గోడ అవతలే ఉంది."

మాలో ఒకతను జత చేసిన జవాబులు తిరగేశాడు. మొదటిది ఉద్యోగం మానేసిన ఎవరిదో. రెండోది చదవబోయి ఆగిపోయి అక్క వైపు చూశాడు.

"చదవవయ్యా."

"వద్దులెండి అక్కా."

ఆమే లాక్కుని చూసుకుంది. ఇరవై తొమ్మిదో తేదీ. 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. మా ప్రతినిధి త్వరలో మీకు ఫోన్ చేస్తారు.' కింద ఆమె సంతకం.

అక్క ఆ రెండు వాక్యాలూ పైకి చదివింది, గొంతు ఎక్కడా తగ్గించకుండా. "బల్లి శకునం చెప్పి కుడితిలో పడ్డట్టుంది," అంది. ఆ జవాబిచ్చిన వారం ఆమె అత్తగారు ఆస్పత్రిలో ఉన్నారనీ, భర్తా తానూ వంతులేసుకుని మంచం పక్కన కూర్చున్నారనీ, నెలాఖరున ముప్ఫయ్యేడు ఉత్తరాలు ఒక్క పూటలో దులిపేసిందనీ తర్వాత వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఆ గదిలో మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

"రాయండి."

మేము రాసింది చూసి కొట్టేస్తూ పోయింది. "వర్క్‌షాపు పొరపాటు అంటావేం? ఆవిడకి వర్క్‌షాపుతో పనేంటి, ఉత్తరం రాసింది మనకి." "త్వరలో అంటే ఏ రోజు? అడగకుండా తేదీ వెయ్యకు, వేశాక తప్పకు." టెక్నీషియన్‌ను పిలిపించి, రేపు వీలవుతుందో లేదో అడిగాకే సమయం రాయనిచ్చింది.

"తప్పు మాదని రాసిస్తే రేపు మన మెడకే చుట్టుకోదా అక్కా?" అన్నాను.

"చుట్టుకోవచ్చు. తెలియంది ఊహించి రాయకూడదు, తెలిసింది దాచకూడదు. అంతే."

చివరికి ఇలా తేలింది:

'మీ యంత్రం పన్నెండున బాగైంది. మీరు కొత్త చిరునామా ఇచ్చినా మేము పాతదానికి పంపాం. పదిహేడున తిరిగొచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఇది మా తప్పు. ఇరవై తొమ్మిదిన మీ ఉత్తరం చూసి కూడా నేను వాకబు చేయకుండా జవాబిచ్చాను. అది నా తప్పు. క్షమించండి. రేపు పది నుంచి పన్నెండు లోపు టెక్నీషియన్ యంత్రం తెచ్చి, మీ చెవికి సరిచూసి ఇస్తారు. పన్నెండు దాటినా రాకపోతే కింది నంబరుకు మెసేజ్ పెట్టండి. అది నాదే.'

టెక్నీషియన్ వచ్చే సంగతి అప్పుడే ఆవిడకు మెసేజ్ పంపింది. ఆలస్యానికి కారణం కంపెనీయేనని క్రెష్‌వాళ్లకు చూపించేందుకు ఇంకో ఉత్తరం కూడా రాసి, రెండు ఉత్తరాలూ తీసుకుని మేనేజరు దగ్గరికెళ్లింది. నన్నూ రమ్మంది.

"ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇలా రాతపూర్వకంగా ఒప్పుకుంటారా?" అన్నాడాయన.

"రికార్డులో ఉన్నదే రాశాను సార్. ఆవిడ ఉద్యోగం పోతోంది."

చాలాసేపు నసిగి సంతకం పెట్టాడు.

మర్నాడు పదకొండింటికి యంత్రం చేరింది. ఉత్తరాలూ చేరాయి. మూడు రోజుల తర్వాత ఆవిడ నుంచి జవాబొచ్చింది.

'యంత్రం బాగా పనిచేస్తోంది. మీ ఉత్తరం క్రెష్‌లో చూపించాను. అది అందకముందే, సోమవారమే నా బదులు వేరొకామెను పెట్టుకున్నారట. పాపం వాళ్లు మాత్రం ఎన్నాళ్లు ఆగుతారు. నిజం చెప్పినందుకు థాంక్స్. ఇదే మాట మొదటి ఉత్తరానికే చెప్పుంటే బాగుండేది.'

అక్క ఆ కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు.

"దీనికేం రాస్తారక్కా?" అని అడిగాను.

"అదే తెలియట్లేదే. జరిగింది రాయగలను. తప్పు నాదని రాయగలను. ఆ తర్వాత ఏం చేస్తానని రాయను? చేసేదేముంది కనక?"

సాయంత్రం దాకా కూర్చుని మూడు వాక్యాలు రాసింది. మీరన్నది నిజం. మీ మొదటి ఉత్తరం నాటికే యంత్రం మా దగ్గర ఉంది. మీ ఉద్యోగం తిరిగి ఇప్పించడం నా వల్ల కాదు, అలా అని మభ్యపెట్టను. దానికి జవాబు రాలేదు.

నెల తిరక్కుండా అక్కను ఫిర్యాదుల నుంచి స్టోరుకు మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. కొత్తవాళ్లకు పాఠం ఇప్పుడు మేనేజరే చెబుతాడు, తెరమీద రంగు రంగుల అక్షరాలతో. ఒకరోజు స్టోరుకెళ్తే, తిరిగొచ్చిన పెట్టెలన్నీ కింద పేర్చుకుని, ఒక్కోదాని మీదున్న అడ్రసును ఫారంతో సరిచూస్తోంది. అలాంటివి పదకొండు బయటపడ్డాయట.

"వీళ్లు కూడా ఉత్తరాలు రాసే ఉంటారు," అంది తలెత్తకుండా. "వెళ్లి వెతుకు."